రెండు వైపులా వేగం పెరిగింది, మొత్తం మీద తగ్గింది

మీ వీధిలోని మెడికల్ షాపు ఆయన మధ్యాహ్నం ఫోన్‌లో పెట్టిన ఆర్డరు మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి అట్టపెట్టెలో వచ్చి ఉంటుంది. అందులో పన్నెండు రకాల మందులు ఉన్నాయనుకుందాం. షుగర్ మాత్రలు ఒక బాక్సు, దగ్గు సిరప్పు ఆరు సీసాలు, జ్వరం మాత్రలు రెండు బాక్సులు, ఇంకా ఏవేవో. ఊరి శివారు గోడౌన్లో సాయంత్రం పూట ఎవరో ఒకరు ట్రాలీ తోసుకుంటూ రాక్‌ల మధ్య తిరిగి వాటిని ఒక్కొక్కటే ఏరి ఉంటారు. ఆ పనిని పికింగ్ అంటారు, చేసేవాళ్లను పికర్లు అంటారు. వాళ్ల చేతిలో ఫోన్ లాంటి స్కానర్ ఉంటుంది. దాని తెర మీద C-07-02-A లాంటి చిరునామా కనిపిస్తుంది. C వరుసలో ఏడో రాక్, రెండో అర, A గడి అని దానర్థం. అక్కడికి వెళ్లి, గడికి అంటించిన లేబుల్‌ను స్కాన్ చేసి, చెప్పినన్ని తీసి క్రేటులో వేసి, తర్వాతి చిరునామాకు నడవాలి.

ఇలాంటి పికర్లు పన్నెండు మంది ఉన్న షిఫ్టును నడిపించే మనిషిని షిఫ్ట్ లీడ్ అంటారు. షిఫ్టు ముగిసేసరికి, బాగా నడిచే చోట్ల మధ్యలో కూడా, ఆయన చేతికి ఒక రిపోర్టు వస్తుంది. అందులో ముఖ్యమైనవి రెండే అంకెలు. గంటకు ఎన్ని లైన్లు ఏరారు, ఏరినవాటిలో ఎన్ని సరిగ్గా ఉన్నాయి. రెండూ చిన్న భాగహారాలే, ఐదో తరగతి పిల్లలు చేసేస్తారు. అయినా గోడౌన్లలో పొద్దుటి మీటింగుల్లో అరుపులు ఎక్కువగా వినపడేది ఈ రెండు అంకెల దగ్గరే. కారణం భాగహారం కాదు. దేన్ని దేనితో భాగించారో మీటింగులో కూర్చున్నవాళ్లలో సగం మందికి తెలియకపోవడం.

మేడ్చల్ వైపు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ ఉందనుకుని ఆ రిపోర్టు చదివి చూద్దాం. గోడౌనూ అంకెలూ నేను కల్పించుకున్నవే. అందులో కనిపించే చిక్కులు మాత్రం ఈ రంగంలో ఉన్నవాళ్లకు రోజూ ఎదురయ్యేవే.

ముందు లైను అంటే ఏమిటో చూడాలి. ఆర్డరులో ఒక రకం సరుకు ఒక లైను. జ్వరం మాత్రలు ఒక స్ట్రిప్పు అడిగినా, ఇరవై బాక్సులు అడిగినా లైను ఒక్కటే. మెడికల్ షాపు ఆయన ఆర్డరులో పన్నెండు రకాలు ఉన్నాయి కాబట్టి అది పన్నెండు లైన్ల ఆర్డరు. పీసులు లెక్కపెట్టకుండా లైన్లు ఎందుకు లెక్కపెడతారంటే, పికర్ సమయాన్ని తినేది చేయి కాదు, కాలు. గడి ముందు నిలబడ్డాక ఒక స్ట్రిప్పు తీయడానికీ మూడు తీయడానికీ పెద్ద తేడా లేదు. గడి దాకా నడవడానికే సమయం పోతుంది. పికర్ పనివేళలో సుమారు సగం నడకకే పోతుందని గిడ్డంగుల గురించిన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా రాస్తున్నారు. ఒక్కో లైనుకు ఒక్కో నడక కాబట్టి, పనిని కొలవడానికి లైను కాస్త న్యాయమైన కొలత. కాస్త మాత్రమే. ఆ మాట ఎందుకన్నానో సోమ, మంగళవారాల రిపోర్టులు చూస్తే తెలుస్తుంది.

మన గోడౌన్లో రెండు వైపులున్నాయి. ఒక వైపు మాత్రల స్ట్రిప్పులు, చిన్న బాక్సులు. రాక్‌లు దగ్గర దగ్గరగా, గడులు చిన్నవిగా ఉంటాయి. నాలుగడుగులు వేస్తే తర్వాతి గడి వచ్చేస్తుంది. రెండో వైపు బరువు సరుకు. సెలైన్ బాటిళ్ల పెట్టెలు, సిరప్పు కార్టన్లు, అడల్ట్ డైపర్ల కట్టలు. ఇక్కడ గడుల మధ్య దూరం ఎక్కువ, పెట్టె ఎత్తాలి, ఒక్కోసారి పై అరలోంచి దింపడానికి ఫోర్క్‌లిఫ్ట్ కోసం ఆగాలి.

షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. ఎనిమిది గంటల్లో భోజనానికి అరగంట, రెండు టీలకు చెరో పది నిమిషాలు, మొదట్లో నిలబడి పని పంచుకోవడానికి పది నిమిషాలు పోతే మనిషికి ఏడు గంటల పికింగ్ మిగులుతుంది. పన్నెండు మందికి 84 గంటలు.

సోమవారం స్ట్రిప్పుల వైపు ఎనిమిది మంది పనిచేశారు. 56 గంటల్లో 3,360 లైన్లు ఏరారు. గంటకు 60. బరువు వైపు నలుగురు 28 గంటల్లో 672 లైన్లు ఏరారు. గంటకు 24. మొత్తం 4,032 లైన్లను 84 గంటలతో భాగిస్తే గంటకు 48.

మంగళవారం ఆసుపత్రుల నుంచి సెలైన్ ఆర్డర్లు ఎక్కువొచ్చాయి. షిఫ్ట్ లీడ్ ఇద్దరిని బరువు వైపు మళ్లించారు. స్ట్రిప్పుల వైపు ఆరుగురు 42 గంటల్లో 2,646 లైన్లు ఏరారు. గంటకు 63. బరువు వైపు ఆరుగురు 42 గంటల్లో 1,050 ఏరారు. గంటకు 25. మొత్తం 3,696 లైన్లు, అవే 84 గంటలు. గంటకు 44.

బుధవారం పొద్దున మేనేజర్ తెర మీద కనిపించేది 48 కింద 44. ఆయన గొంతు పెంచుతారు. కానీ కింది వరుసలు చూడండి. స్ట్రిప్పుల వైపు 60 నుంచి 63 అయింది, బరువు వైపు 24 నుంచి 25 అయింది. రెండు చోట్లా జనం వేగంగా చేశారు. రెండూ పెరిగి మొత్తం తగ్గడం కంప్యూటర్ తప్పేమో అని మొదటిసారి చూసినవాళ్లు అనుకుంటారు. తప్పేమీ లేదు. ఆర్టీసీ డ్రైవరు నిన్న ఎక్కువసేపు హైవే మీద, ఈరోజు ఎక్కువసేపు సిటీలో బస్సు నడిపితే రోజు సగటు పడిపోతుంది, ఆయన రెండు చోట్లా నిన్నటికంటే చురుగ్గా నడిపినా సరే. మంగళవారం ఎక్కువ గంటలు నిదానంగా సాగే పనిలోకి వెళ్లాయి, అంతే. గణితంలో ఈ తిరకాసుకు సింప్సన్ పారడాక్స్ అని పేరుంది. గోడౌన్లో దీన్ని మిక్స్ మారింది అంటారు.

దీన్ని సరిచేసే లెక్క పాతది, చాలా గోడౌన్లలో వాడకంలో ఉన్నదే. మంగళవారం వచ్చిన పని సోమవారం వేగంతో చేస్తే ఎన్ని గంటలు పట్టేదో చూడాలి. స్ట్రిప్పుల లైన్లు 2,646ను 60తో భాగిస్తే 44.1 గంటలు. బరువు లైన్లు 1,050ని 24తో భాగిస్తే 43.75. కలిపి దాదాపు 87.9 గంటల పని. దాన్ని 84 గంటల్లో చేశారు. నాలుగు గంటల దాకా మిగిల్చారన్నమాట, అంటే నాలుగున్నర శాతం మెరుగు. మేనేజర్ తిట్టబోయిన షిఫ్టు నిజానికి ఆ వారంలో మెప్పు పొందాల్సిన షిఫ్టు. ఈ ఒక్క వరుస రిపోర్టులో లేకపోతే 44 అనే అంకెను అసలు ప్రింటు చేయకపోవడమే నయమని నా అభిప్రాయం.

గంటల దగ్గర ఇంకో చిక్కుంది. పైన మనం 84తో భాగించాం. జీతాల విభాగం లెక్కలో ఆ షిఫ్టు పన్నెండు మంది ఎనిమిదేసి గంటలు, అంటే 96. దానితో భాగిస్తే మంగళవారం 44 కాస్తా 38.5 అవుతుంది. రెండూ నిజమే. ఒకటి పికింగ్ చేసిన గంటకు, ఇంకొకటి జీతమిచ్చిన గంటకు. సమస్య ఎక్కడొస్తుందంటే, ఒక గోడౌన్ మొదటి పద్ధతిలో, పక్క జిల్లాలోని ఇంకో గోడౌన్ రెండో పద్ధతిలో లెక్కవేసి పంపితే హెడ్డాఫీసులో రెంటినీ ఒకే పట్టికలో పెట్టి ఫలానా చోట బద్ధకం ఎక్కువని తేల్చేస్తారు. అలాగే ఒక్కో పికర్ గంటవేగం విడివిడిగా తీసి, వాటన్నిటినీ కలిపి పన్నెండుతో భాగించేవాళ్లూ ఉన్నారు. ఒకతను రెండు గంటలే పనిచేసి ఇంటికి పోయినా అతని అంకెకు ఏడు గంటలు చేసినవాడితో సమానమైన బరువు వచ్చేస్తుంది. మొత్తం లైన్లను మొత్తం గంటలతో భాగించడమే సరైనది.

సరుకు లేని గడుల సంగతి కూడా ఈ అంకెలో దాక్కుని ఉంటుంది. పికర్ చిరునామాకు వెళ్లాడు, గడి ఖాళీ. స్కానర్ మీద షార్ట్ అనే బటన్ నొక్కి ముందుకు పోతాడు. నడక నడిచాడు, వెతికాడు, లైను మాత్రం ఖాతాలో పడలేదు. దీన్ని కూడా లైనుగా లెక్కేస్తే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది. అలా చేసిన చోట్ల కొందరు కష్టమైన గడి దగ్గర వెతక్కుండానే షార్ట్ నొక్కి వేగం పెంచుకోవడం మొదలవుతుంది. అందుకే దాన్ని లైన్లలో కలపకుండా పక్కన వేరే వరుసగా చూపించాలి. ఆ వరుసలో షిఫ్ట్ లీడ్ చూడాల్సింది ఒకటే. ఖాళీ అన్న గడికి సంబంధించిన సరుకు పై అరల నిల్వలో ఉందా, లేదా? ఉంటే అది పికర్ సమస్య కాదు. పై నుంచి కిందికి సమయానికి దింపని మనిషిది, లేదా ఫోర్క్‌లిఫ్ట్ ఒక్కటే ఉండటానిది.

ఇక రెండో అంకె, సరిగ్గా ఏరిన లైన్ల శాతం. ఇక్కడ మోసపోవడం ఇంకా సులువు.

ఏరిన క్రేట్లు ప్యాకింగ్ టేబుల్ దగ్గరికి వస్తాయి. అక్కడ చెకర్ బిల్లు పక్కన పెట్టుకుని మందు పేరు, పవర్, బ్యాచ్ నంబరు, పరిమాణం సరిచూస్తాడు. అన్ని క్రేట్లూ చూసే తీరిక ఉండదు కాబట్టి మన గోడౌన్లో నాలుగో వంతు చూస్తారు. మంగళవారం 924 లైన్లు చూశారు. ఐదు తప్పులు దొరికాయి.

రిపోర్టులో 99.86 శాతం అని ఉంది. ఎలా వచ్చింది? ఐదు తప్పులను మొత్తం 3,696 లైన్లతో భాగించారు. కానీ చూడని 2,772 లైన్లలో తప్పులు లేవని ఎవరు చెప్పారు? చూసిన 924తోనే భాగించాలి. అప్పుడు 99.46 శాతం. పైకి తేడా అర శాతం కూడా లేదు. లెక్క మాత్రం నాలుగింతలు మారింది. చూసిన నాలుగో వంతులో ఐదుంటే మొత్తంలో ఇరవై దాకా ఉండొచ్చు. దొరికిన ఐదూ సరిచేసి పంపారు. దొరకనివి సుమారు పదిహేను గేటు దాటి మెడికల్ షాపులకు వెళ్లిపోయాయి. ఈ అంచనా కూడా, చెక్ చేసే క్రేట్లను కళ్లు మూసుకుని తీసినట్టు తీస్తేనే నిలుస్తుంది. చెకర్ తేలిగ్గా అయిపోయే చిన్న ఆర్డర్లే ఎంచుకుంటే అసలు తప్పులు ఇంకా ఎక్కువుంటాయి.

99.5 శాతం అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. మెడికల్ షాపు ఆయన వైపు నుంచి చూస్తే వేరేలా ఉంటుంది. ఆయన ఆర్డరులో పన్నెండు లైన్లు. ఒక్కో లైను సరిగ్గా ఉండే అవకాశం 99.5 శాతం అయితే, పన్నెండూ సరిగ్గా ఉండే అవకాశం 0.995ను పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 94 శాతం. నూరు పెట్టెల్లో ఆరింట ఏదో ఒక తేడా. ఆయన వారానికి ఆరుసార్లు సరుకు తెప్పించుకుంటే మూడు వారాలకోసారి ఫోన్ చేయాల్సి వస్తుంది. గోడౌన్‌వాళ్లు 99.5 అని సంతోషపడుతుంటే షాపు ఆయన వీళ్లెప్పుడూ ఇంతే అని ఎందుకు విసుక్కుంటాడో ఈ గుణకారం చెబుతుంది.

శాతం కంటే ఐదు తప్పుల జాబితా ముఖ్యం. అందులో ఒకటి పరిమాణం తప్పు. బిల్లులో రెండు బాక్సులు, క్రేటులో రెండు స్ట్రిప్పులు. మందుల గోడౌన్లో ఇది అందరికీ తెలిసిన జబ్బు. కొన్ని మాత్రలు స్ట్రిప్పుకు పది, కొన్ని పదిహేను, బాక్సుకు కొన్ని పది స్ట్రిప్పులు, కొన్ని ఇరవై. తెర మీద 2 అని మాత్రమే కనిపించి, ఏవి రెండో చిన్న అక్షరాల్లో ఉంటే అలసిన కన్ను తనకు తోచింది చదువుకుంటుంది. రెండో తప్పు బ్యాచ్‌ది. మందు సరైనదే, పవర్ సరైనదే, బిల్లు మీద ఉన్న బ్యాచ్ నంబరు వేరు. బయటివాళ్లకు ఇది తప్పులా కనిపించదు. కానీ ఏదైనా బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి రప్పించాల్సి వస్తే అది ఏ షాపుకు వెళ్లిందో బిల్లుల్ని బట్టే వెతుకుతారు. బిల్లు ఒకటి, పెట్టె ఒకటి అయితే ఆ వెతుకులాట దారి తప్పుతుంది. షాపు ఆయన మిగిలిన సరుకు తిప్పి పంపినా తీసుకోరు.

మిగిలిన మూడు తప్పులూ ఒకే రకం. 500 మిల్లీగ్రాముల మాత్రల బదులు 650 వెళ్లాయి. ముగ్గురు వేర్వేరు పికర్లు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య. చిరునామా ఒక్కటే, C-07-02-A.

ఇది చూసి ముగ్గురినీ పిలిచి చీవాట్లు పెట్టే షిఫ్ట్ లీడ్ రేపు కూడా అదే చేస్తాడు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే గడి దగ్గర ఒకే తప్పు చేస్తే, తప్పు మనుషుల్లో లేదు, గడిలో ఉంది. వెళ్లి చూస్తే విషయం బయటపడుతుంది. 500 గడిలో ముందు వరుస బాక్సులు 500, వెనక వరుస 650. మధ్యాహ్నం పై నుంచి సరుకు దింపిన మనిషి పక్కపక్కన ఉన్న రెండు గడులకూ ఒకే ట్రాలీలో తెచ్చి కలిపేశాడు. ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా, అంకె ఒక్కటే తేడా. సరుకు నింపిన సమయం కంప్యూటర్లో ఉంటుంది, 3:40. తప్పులన్నీ ఆ తర్వాతవే.

పికర్ స్కాన్ చేశాడు కదా, స్కానర్ ఎందుకు పట్టుకోలేదు? ఎందుకంటే ఇక్కడ స్కాన్ చేసేది గడి లేబుల్‌ను, మందు డబ్బాను కాదు. పికర్ సరైన చిరునామాకే వెళ్లాడని స్కానర్ ఒప్పుకుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో దానికి తెలియదు. డబ్బానే స్కాన్ చేయించొచ్చు కదా అంటే, అన్ని మందుల ప్యాకింగ్ మీదా చదవగలిగే కోడ్ ఉండాలి. మన దేశంలో ఎంపిక చేసిన 300 బ్రాండ్ల మందులపై బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలన్న నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. గోడౌన్లో ఉండేవి వేల రకాలు. పైగా ప్రతి డబ్బాను తిప్పి కోడ్ వెతికి స్కాన్ చేస్తే లైనుకు కొన్ని సెకన్లు అదనం. గంటకు 63 లైన్లంటే లైనుకు 57 సెకన్లు. అందులో మూడు సెకన్లు పెరిగినా వేగం 60కి దిగిపోతుంది. అందుకని పేరు, రంగు కలిసే జంటలున్న గడుల దగ్గర మాత్రం డబ్బా స్కాన్ తప్పనిసరి చేసి, మిగతా చోట వదిలేయడం తెలివైన పని. ఇంకా చౌకైన పని ఏమిటంటే 500నూ 650నూ పక్కపక్కన పెట్టకుండా వేర్వేరు వరుసల్లో పెట్టడం.

ఈ రిపోర్టు రాత్రి పదికి వస్తే ఇదంతా పోస్టుమార్టమే. సాయంత్రం ఆరింటికి ఒకసారి వస్తే కథ మారుతుంది. ఒకే గడి మూడుసార్లు కనిపించగానే షిఫ్ట్ లీడ్ చేయాల్సినవి వరుసగా ఉన్నాయి. ముందు ఆ గడిని కంప్యూటర్లో బ్లాక్ చేస్తారు, ఇంకెవరికీ ఆ చిరునామా వెళ్లదు. తర్వాత 3:40 నుంచి ఇప్పటిదాకా ఆ గడి నుంచి ఏరిన లైన్ల జాబితా తీస్తారు. పక్క 650 గడిదీ తీస్తారు, ఎందుకంటే కలిసినవి అటూ ఇటూ కలిసి ఉండొచ్చు. ఆ పెట్టెల్లో ఇంకా డిస్పాచ్ నేల మీద ఉన్నవాటిని విప్పి చూస్తారు. వ్యాన్ ఎక్కిపోయినవి ఉంటే ఆ షాపులకు ఈ రాత్రే ఫోన్ వెళ్తుంది, పొద్దున షాపు ఆయన పెట్టె విప్పకముందే. మధ్యలో వచ్చే రిపోర్టులో అంకెలు తక్కువున్నా పర్వాలేదు, చిరునామాలు ఉండాలి.

మరి మనుషుల వారీ పట్టిక? చాలా గోడౌన్లలో పికర్ పేరు, వేగం, తప్పుల శాతం రాసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. మన లెక్కతో దాన్ని పరీక్షిద్దాం. చూసిన 924 లైన్లను పన్నెండు మందికి పంచితే మనిషికి 77. తప్పు అవకాశం అర శాతం చొప్పున, ఒక్కొక్కరికి దొరకాల్సిన తప్పులు సగటున అరకంటే తక్కువ. కాబట్టి చాలామందికి సున్నా, కొందరికి ఒకటి. సున్నా వచ్చినవాడు 100 శాతం, ఒకటి వచ్చినవాడు 98.7 శాతం. బోర్డు మీద ఇది హీరో, జీరో తేడాలా కనిపిస్తుంది. నిజానికి చెకర్ చేతికి ఎవరి క్రేటు తగిలిందన్నదే తేడా. సున్నా తప్పులంటే కూడా తప్పులు చేయడని కాదు. లెక్కల్లో ఒక మోటు సూత్రముంది. ఎన్ని చూసినా ఒక్క తప్పూ దొరక్కపోతే, మూడును ఆ సంఖ్యతో భాగించండి, అసలు తప్పుల రేటు అంతదాకా ఉండే అవకాశముంది. మూడును 77తో భాగిస్తే దాదాపు నాలుగు శాతం. అంటే ఒక్కరోజు లెక్కతో ఆ మనిషి గురించి ఏమీ చెప్పలేం.

నెలకు ఇరవై ఆరు షిఫ్టులైతే మనిషికి చూసిన లైన్లు రెండు వేలు దాటతాయి. ఎదురుచూడాల్సిన తప్పులు పది. అప్పుడు కూడా ఒకరికి ఆరు, ఇంకొకరికి పద్నాలుగు రావడం అదృష్టం ఆటే కావచ్చు. ఇరవై రెండు వస్తే కూర్చుని మాట్లాడాలి. ఆ మాట కూడా ఏ గడుల దగ్గర, ఏ వేళలో, ఏ రకం తప్పులు అన్నదాంతో మొదలవ్వాలి. ఒకతని తప్పులన్నీ రాత్రి ఎనిమిది తర్వాతవే అని తేలితే చూడాల్సింది కళ్లద్దాలనో, ఆ చివరి వరుసలో ఆరిపోయిన ట్యూబ్‌లైట్‌నో.

పేర్ల పట్టికలు అంటించిన చోట రిపోర్టే అబద్ధమాడటం మొదలుపెడుతుంది. ఇది నీతి కోసం చెప్పడం లేదు, అంకెల్లో కనపడే విషయం. తోటివాడి జీతం కోత పడుతుందని చెకర్ తప్పును నోట్ చేయకుండా చేత్తో సరిచేసి పంపేస్తాడు. "పోనీలే అన్నా, నేను మార్చేశాలే" అంటాడు. మంచితనమే. దాంతో టేబుల్ దగ్గర శాతం పెరుగుతుంది, 99.9కి చేరుతుంది. షాపుల నుంచి వచ్చే ఫిర్యాదులు, వాటికి ఇచ్చే క్రెడిట్ నోట్లు మాత్రం ఎప్పటంతే ఉంటాయి. ఈ రెండు గీతలూ విడిపోవడమే గుర్తు. క్రెడిట్ నోట్లు రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తాయి. వాటిని ఫిర్యాదు వచ్చిన తేదీకి కాకుండా సరుకు ఏరిన తేదీకి జమకట్టాలి. లేకపోతే మంగళవారం గడి తప్పు శుక్రవారం షిఫ్టు నెత్తిన పడుతుంది.

వేగం వైపు ఆట ఇంకోలా ఉంటుంది. దగ్గర గడులున్న తేలికైన ఆర్డర్లు ముందు లాక్కుని, ఫోర్క్‌లిఫ్ట్ కావాల్సినవి చివరికి వదిలేస్తారు. గంటగంటకూ వేగం గీస్తే సాయంత్రం కొండలా లేచి తొమ్మిదింటికి లోయలోకి పడుతుంది. ఆర్డర్లను పికర్ ఎంచుకోకుండా కంప్యూటరే వరుసగా ఇస్తే ఇది చాలావరకు ఆగుతుంది. అలాగే నడక తగ్గించడానికి ఒకే ట్రాలీలో నాలుగు ఆర్డర్లు కలిపి ఏరే పద్ధతి పెడతారు. వేగం బాగా పెరుగుతుంది. అప్పుడు కొత్త రకం తప్పు పుడుతుంది. మందు సరైనదే, పరిమాణం సరైనదే, పడింది మాత్రం పక్క క్రేటులో. ఒక్క పొరపాటుకు రెండు ఆర్డర్లు చెడతాయి, ఒకదానిలో ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. జాబితాలో ఇలాంటి జంటలు కనిపించాయంటే, వేసేముందు క్రేటు లేబుల్ కూడా స్కాన్ చేయించాల్సిందే.

వేగం అంకె మనిషి మెడ మీద కత్తిగా మారడం మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీనికోసం ఏబీ 701 అనే చట్టమే చేసింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పెద్ద గోడౌన్లలో ఎంత వేగం ఆశిస్తున్నారో కార్మికులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ వేగం అందుకోవడానికి భోజనం, విశ్రాంతి, మరుగుదొడ్డి మానుకోవాల్సి వచ్చేలా లక్ష్యం పెట్టకూడదు. మన షిఫ్టులో ఎనిమిది గంటల్లోంచి ఒక గంట ముందే తీసేసి ఏడుతో లెక్కవేయడం అలాంటి పనే. మరుగుదొడ్డికి వెళ్లిన ఐదు నిమిషాలు మాత్రం ఆ ఏడు గంటల్లోనే ఉన్నాయి. గంటకు 63 అన్నది వాటిని కలుపుకుని వచ్చిన అంకె కాబట్టి, దాన్నే రేపటి అంచనాగా వాడటంలో ఎవరి ఊపిరీ బిగపట్టించినట్టు కాదు.

రేపటి అంచనా అన్నాను కదా, ఈ రిపోర్టుకు నేను చూసిన మంచి వాడకం అదే. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆర్డర్ల అంచనా వస్తుంది. స్ట్రిప్పుల వైపు 3,000 లైన్లు, బరువు వైపు 800. మంగళవారం వేగాలతో భాగిస్తే స్ట్రిప్పులకు 47.6 గంటలు, బరువుకు 32 గంటలు. మనిషికి ఏడు గంటల చొప్పున స్ట్రిప్పులకు ఏడుగురు, బరువుకు ఐదుగురు. సరిగ్గా పన్నెండు మంది, చేతిలో నాలుగు గంటలు కూడా మిగులుతాయి. ఇంతలో ఒకతను ఫోన్ చేసి "అన్నా, పాపకు జ్వరం, ఈరోజు రాలేను" అన్నాడనుకోండి. పదకొండు మందికి 77 గంటలే, పని 79.6 గంటలది. రెండున్నర గంటల పైన కొరత. స్ట్రిప్పుల వేగంతో చూస్తే సుమారు 160 లైన్లు, మెడికల్ షాపు లెక్కన పదమూడు, పద్నాలుగు ఆర్డర్లు. ఎవరిదైనా షిఫ్టు పొడిగించాలా, దూరపు రూటు వ్యాన్‌ను ఆలస్యంగా పంపాలా, ఆ ఆర్డర్లను పొద్దుటి ట్రిప్పుకు మార్చాలా అన్నది డిస్పాచ్‌వాళ్లతో మధ్యాహ్నం రెండింటికే మాట్లాడుకోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి తెలిస్తే వ్యాన్ డ్రైవరు అప్పటికే ఇంజన్ ఆన్ చేసి హారన్ కొడుతుంటాడు.